గ్రాంటు వచ్చింది, ఒప్పందం ఎవరు చదివారు?

ప్రాజెక్టు ప్రతిపాదన రాసేటప్పుడు స్వచ్ఛంద సంస్థలోని ప్రోగ్రామ్ ఆఫీసర్ వారాల తరబడి దానితోనే గడుపుతారు. గ్రాంటు మంజూరయ్యాక వచ్చే ఒప్పందం సంగతి వేరు. దానిమీద కార్యదర్శి సంతకం పెడతారు, అకౌంటెంట్ ఒక ప్రతిని ఫైల్లో పెట్టుకుంటారు, ఊళ్లలో పని మొదలవుతుంది. ప్రోగ్రామ్ ఆఫీసర్ చేతిలో మాత్రం పాత ప్రతిపాదనే ఉండిపోతుంది. ప్రతిపాదనలో ఉన్నది మనం అడిగింది. ఒప్పందంలో ఉన్నది దాత ఇచ్చింది, ఏ షరతులతో ఇచ్చారో అది. డబ్బు ఖర్చు పెట్టించేది, నివేదిక రాసేది ప్రోగ్రామ్ ఆఫీసరే కాబట్టి, ఆ షరతులు తెలియాల్సిన మొదటి మనిషి కూడా ఆయనే లేదా ఆమే.

ముప్పై నలభై పేజీల ఒప్పందాన్ని రోజూ తిరగేయడం ఎవరివల్లా కాదు. అందుకే దానికి ఒకటి రెండు పేజీల సారాంశం కావాలి. అయితే ఈ సారాంశం అంటే ఒప్పందాన్ని క్లుప్తంగా తిరగరాయడం కాదు. ఏ పని, ఏది జరిగితే, ఏ తేదీలోగా, ఎవరు చేయాలి, ఆ మాట ఒప్పందంలో ఎక్కడుంది అన్న ఐదు ప్రశ్నలకు ప్రతి షరతు విషయంలోనూ సమాధానం చెప్పాలి. ఎలా చేయాలో చూడటానికి ఒక ఊహా ఉదాహరణ తీసుకుందాం. అంకెలు కల్పితమే అయినా, ఇలాంటి షరతులు మన దగ్గరి సీఎస్ఆర్ ఒప్పందాల్లో మామూలుగా కనిపించేవే.

ఉదాహరణకు ఒక గ్రాంటు

అనంతపురం జిల్లాలో పనిచేసే ఒక సంస్థకు ఒక కంపెనీ తన సీఎస్ఆర్ నిధుల నుంచి 48 లక్షల రూపాయలు ఇచ్చిందనుకుందాం. 20 ప్రభుత్వ పాఠశాలల్లో తాగునీటి ఏర్పాట్లు చేయాలి, వాటిని చూసుకోవడంలో పాఠశాల కమిటీలకు శిక్షణ ఇవ్వాలి. గడువు 18 నెలలు, 2025 అక్టోబరు 1 నుంచి 2027 మార్చి 31 దాకా. బడ్జెట్‌లో ట్యాంకులు, ఫిల్టర్లు, పైపులకు 26 లక్షలు, సిబ్బంది జీతాలకు 12 లక్షలు, శిక్షణకు 6 లక్షలు, ఆఫీసు ఖర్చులకు 4 లక్షలు. డబ్బు మూడు విడతల్లో వస్తుంది: 20 లక్షలు, 16 లక్షలు, 12 లక్షలు.

ఈ ఒప్పందం చేతికి రాగానే చాలామంది 'నివేదికలు' అన్న క్లాజు దగ్గరికి వెళ్తారు. అంతకంటే ముందు చదవాల్సినవి రెండున్నాయి. ఒకటి, మొదట్లో ఉండే నిర్వచనాలు. రెండోది, చివర్లో ఉండే అనుబంధాలు. తేదీలు, నమూనా ఫారాలు, బడ్జెట్ పట్టిక ఎక్కువగా అనుబంధాల్లోనే ఉంటాయి. ఏ మాటకు ఏ అర్థమో నిర్వచనాలు చెబుతాయి. ఆ అర్థం తెలియకపోతే మధ్యలో ఉన్న క్లాజును తప్పుగా చదివే ప్రమాదం ఉంది.

'ఖర్చు' అంటే ఏది?

రెండో విడత గురించి ఒప్పందం ఇలా అంటుంది అనుకుందాం: మొదటి విడతలో 75 శాతం ఖర్చయ్యాక, త్రైమాసిక నివేదికను కంపెనీ ఆమోదించాక, తరువాతి విడత విడుదల చేస్తాం. 20 లక్షల్లో 75 శాతం అంటే 15 లక్షలు. డిసెంబరు 31 నాటికి బ్యాంకు ఖాతా నుంచి 16 లక్షలు బయటికి వెళ్లాయి. లెక్క ప్రకారం 80 శాతం. ప్రోగ్రామ్ ఆఫీసర్ ధీమాగా నివేదిక పంపుతారు.

కంపెనీ నుంచి విడత రాదు, ఒక మెయిల్ వస్తుంది. నిర్వచనాల్లో 'ఖర్చు' అంటే సరుకు లేదా సేవ అంది, బిల్లు వచ్చి, చెల్లింపు జరిగినది అని రాసుంది. ఆ 16 లక్షల్లో 4 లక్షలు ఫిల్టర్ల సరఫరాదారుకు ఇచ్చిన అడ్వాన్సు. సరుకు ఇంకా రాలేదు. అంటే ఖర్చయింది 12 లక్షలే, 60 శాతం. తరువాతి త్రైమాసిక నివేదిక ఏప్రిల్‌లో గానీ లేదు. అప్పటిదాకా ఖాతాలో మిగిలిన 4 లక్షలతోనే జీతాలు, పని రెండూ నడపాలి. జీతాలకే నెలకు 66 వేల రూపాయలకు పైగా కావాలి కాబట్టి, మూడు నెలలకు అందులో సగం వాటికే పోతుంది. మిగతా బడుల్లో పని నెమ్మదిస్తుంది.

ఇక్కడ తప్పుడు ఖర్చేమీ జరగలేదు, లెక్కల్లో దోషమూ లేదు. ఒక నిర్వచనం సారాంశంలోకి రాకపోవడమే కారణం. అది ముందే తెలిసి ఉంటే డిసెంబరు 31లోగా ఆ ఫిల్టర్లు అందేలా సరఫరాదారుతో మాట్లాడేవారు. లేదా జనవరిలో సరుకు రాగానే మధ్యంతర లెక్క పంపితే ఒప్పుకుంటారా అని కంపెనీని ముందుగానే అడిగేవారు. కాబట్టి సారాంశంలో 'రెండో విడతకు 75 శాతం ఖర్చు' అని రాస్తే సరిపోదు. '15 లక్షల బిల్లులు చెల్లించి ఉండాలి, అడ్వాన్సులు లెక్కలోకి రావు' అని రాయాలి. శాతాన్ని రూపాయల్లోకి మార్చి, షరతును పక్కనే పెడితే ఫీల్డ్ కోఆర్డినేటర్‌కు కూడా ఇట్టే అర్థమవుతుంది.

కొన్ని గడువులకు తేదీ ఉండదు

ఒప్పందంలో గడువులు మూడు రకాలుగా కనిపిస్తాయి. కొన్నిటికి తేదీ ఉంటుంది. కొన్ని ఒక కాలం ముగిసినప్పటి నుంచి లెక్కపెట్టాలి. మరికొన్ని ఏదైనా జరిగితేనే మొదలవుతాయి. సారాంశంలో ఎక్కువగా జారిపోయేది ఈ మూడో రకమే.

మన ఉదాహరణలో ప్రతి త్రైమాసికం ముగిసిన 15 రోజుల్లో నివేదిక పంపాలి. ఇది రెండో రకం. దీన్ని అలాగే రాసి వదిలేయకుండా క్యాలెండర్ తేదీలుగా మార్చాలి: జనవరి 15, ఏప్రిల్ 15, జూలై 15, అక్టోబరు 15, మళ్లీ జనవరి 15, ఏప్రిల్ 15. మొత్తం ఆరు నివేదికలు. తేదీలుగా మార్చగానే ఒక విషయం కళ్లబడుతుంది. జనవరి 15 సంక్రాంతి సెలవుల్లో పడుతుంది. సెలవు వస్తే మర్నాడు పంపవచ్చని ఒప్పందంలో లేకపోతే, సంస్థ తనకు తాను జనవరి 10ని గడువుగా పెట్టుకోవాలి. ఊళ్ల నుంచి లెక్కలు ఇంకా ముందే రావాలి.

మూడో రకానికి ఉదాహరణ చూడండి. ఒక బడిలో ట్యాంకు, ఫిల్టరు బిగించిన 60 రోజుల్లో దాన్ని బడికి అప్పగించిన పత్రం కంపెనీకి పంపాలి. డిసెంబరు 5న బిగిస్తే ఫిబ్రవరి 3 గడువు. ఇరవై బడుల్లో ఇరవై వేర్వేరు రోజుల్లో పని పూర్తవుతుంది కాబట్టి ఇరవై గడువులుంటాయి. వీటిని సంతకం నాడే క్యాలెండర్‌లో రాయలేం. సారాంశంలో దీనికో చిన్న పట్టిక వేసి, బడి పేరు పక్కన 'బిగించిన తేదీ', 'అప్పగింత గడువు' అనే రెండు ఖాళీ గళ్లు ఉంచాలి. పని జరిగిన రోజే నింపుకుంటూ పోవాలి.

ఈ షరతుకు వెనక చట్టం ఉంది. సీఎస్ఆర్ డబ్బుతో సమకూరే స్థిరాస్తి కంపెనీ పేరున ఉండకూడదు. నిబంధనల్లో చెప్పిన అర్హతలున్న ధార్మిక సంస్థ దగ్గరో, స్వయం సహాయక బృందాల వంటి లబ్ధిదారుల సమూహాల దగ్గరో, ప్రభుత్వ అధికార సంస్థ దగ్గరో ఉండాలి. అందుకే కంపెనీ ఆడిటర్లు అప్పగింత పత్రం కోసం అంతగా పట్టుబడతారు.

ప్రాజెక్టు మేనేజరు మారితే పది రోజుల్లో తెలపాలి, కంపెనీ లోగో వాడేముందు అనుమతి తీసుకోవాలి వంటివీ మూడో రకంలోకే వస్తాయి. చాలాసార్లు ఇవి 'నివేదికలు' అన్న క్లాజులో ఉండవు. 'సాధారణ షరతులు', 'నోటీసులు', 'ప్రచారం' వంటి శీర్షికల కింద ఉంటాయి. కాబట్టి ఒప్పందం చివరి పేజీ దాకా చదువుతూ, 'ఇన్ని రోజుల్లోగా', 'ముందస్తు రాతపూర్వక అనుమతి' అన్న మాటలు ఎక్కడ కనిపించినా గుర్తు పెట్టుకోవాలి.

ఏప్రిల్ 10 ఎందుకంత గట్టి తేదీ?

మన ఒప్పందంలో మూడో అనుబంధం మరో తేదీ చెబుతుంది. మార్చి 31 నాటికి ఎంత ఖర్చయిందో చార్టర్డ్ అకౌంటెంట్ ధ్రువీకరించిన యుటిలైజేషన్ సర్టిఫికెట్ ఏప్రిల్ 10లోగా చేరాలి. త్రైమాసిక నివేదికకు ఏప్రిల్ 15 ఉంది కదా, రెండూ కలిపి పంపుదాం అనుకుంటే పొరపాటు. ఇవి రెండు వేర్వేరు పత్రాలు, రెండు వేర్వేరు గడువులు.

ఏప్రిల్ 10 విషయంలో కంపెనీ ఎందుకు సడలింపు ఇవ్వదో తెలిస్తే సారాంశానికి బలం వస్తుంది. కంపెనీల చట్టం 2013లోని 135వ సెక్షన్ ప్రకారం, కొనసాగుతున్న ప్రాజెక్టులో ఆ ఆర్థిక సంవత్సరం ఖర్చు కాని సీఎస్ఆర్ డబ్బును కంపెనీ 30 రోజుల్లో, అంటే ఏప్రిల్ 30లోగా, ప్రత్యేకమైన అన్‌స్పెంట్ సీఎస్ఆర్ ఖాతాలో వేయాలి. వేయకపోతే కట్టాల్సిన మొత్తానికి రెట్టింపో, కోటి రూపాయలో, ఏది తక్కువైతే అంత జరిమానా పడుతుంది. సంస్థకు డబ్బు బదిలీ చేసినంత మాత్రాన కంపెనీ ఖర్చు చేసినట్టు కాదని, సంస్థ దాన్ని వినియోగించినప్పుడే ఖర్చని కార్పొరేట్ వ్యవహారాల మంత్రిత్వ శాఖ 2021 ఆగస్టులో ఇచ్చిన వివరణలో స్పష్టం చేసింది. డబ్బు అనుకున్న పనికే వినియోగమైందని కంపెనీ ఆర్థిక అధికారి ధ్రువీకరించాలి కూడా. ఆయన సంతకానికి ఆధారం మనం పంపే యుటిలైజేషన్ సర్టిఫికెట్టే.

అందువల్ల సారాంశంలో ఈ తేదీ పక్కన 'మార్చడానికి వీల్లేదు' అని రాయడం న్యాయం. త్రైమాసిక కథన నివేదిక రెండు రోజులు ఆలస్యమవుతుందంటే ముందుగా చెప్పి ఒప్పించుకోవచ్చు. దీనికి అలాంటి వెసులుబాటు ఉంటుందని ఆశించకూడదు.

ఇక తేదీ నుంచి వెనక్కి లెక్కపెట్టాలి. ఏప్రిల్ 10న సర్టిఫికెట్ వెళ్లాలంటే ఆడిటర్‌కు మూడో తేదీకల్లా పుస్తకాలు అందాలి. ఆర్థిక సంవత్సరం మారే ఆ రోజుల్లో ఆడిటర్ దగ్గర అందరి ఫైళ్లూ ఉంటాయి. పుస్తకాలు అప్పటికి తయారవ్వాలంటే ఊళ్ల నుంచి బిల్లులు, వోచర్లు మార్చి 28కే ఆఫీసుకు రావాలి. అంటే మార్చి చివరి వారంలో పెద్ద శిక్షణ పెట్టుకోకూడదు. మార్చిలో పదో తరగతి పరీక్షలు కూడా ఉంటాయి కాబట్టి బడుల్లో చోటు, ఉపాధ్యాయుల సమయం దొరకడమూ కష్టమే. ఏప్రిల్ నెలలోని ఒక తేదీ, ఫిబ్రవరిలోనే శిక్షణలు ముగించమని చెబుతోందన్నమాట. ఆ మాట సారాంశంలో కనిపించాలి.

ఇదే కారణంగా మార్చి చివర్లో వచ్చే విడత విషయంలోనూ జాగ్రత్త పడాలి. మార్చి 26న 16 లక్షలు వస్తే, 31 నాటికి అవి దాదాపు మొత్తం ఖర్చు కానివిగానే సర్టిఫికెట్‌లో కనిపిస్తాయి. మార్చి 31 నాటి మిగులును కంపెనీ వెనక్కి అడగవచ్చన్న క్లాజు ఒప్పందంలో ఉందో లేదో చూసి, ఉంటే సారాంశంలో విడతల పక్కనే రాయాలి.

ఏది కొనవచ్చు, ఎంతవరకు మార్చవచ్చు

నిధుల వాడకం మీది ఆంక్షలను 'చేయకూడనివి', 'అడిగి చేయాల్సినవి', 'అడగకుండా చేయగలిగినవి' అని మూడుగా విడగొడితే ఊళ్లో పనిచేసేవారికి స్పష్టంగా ఉంటుంది. మన ఉదాహరణలో స్థలం కొనడం, వాహనం కొనడం, జరిమానాలు కట్టడం, అక్టోబరు 1కి ముందు జరిగిన ఖర్చు చూపించడం మొదటి రకం. లక్ష రూపాయలు దాటిన కొనుగోలుకు మూడు కొటేషన్లు తీసుకోవాలన్నది కూడా అక్కడే, 'కొటేషన్లు లేకుండా కొనకూడదు' అని ఉండాలి.

ఒక హెడ్ నుంచి మరో హెడ్‌కు డబ్బు మార్చడం దగ్గర లెక్క అవసరం. హెడ్‌లో 10 శాతం వరకు అనుమతి అక్కర్లేదు, అంతకు మించితే ముందుగా రాతపూర్వక అనుమతి కావాలి, జీతాల హెడ్‌ను మాత్రం ఏ పరిస్థితిలోనూ పెంచకూడదు అని ఒప్పందం చెప్పిందనుకుందాం. శిక్షణ హెడ్ 6 లక్షలు కాబట్టి అందులోంచి 60 వేలు పైపుల హెడ్‌కు మార్చుకోవచ్చు. ఆ 60 వేలతో ఇంకో ఫీల్డ్ వర్కర్‌ను పెట్టుకోవడం మాత్రం కుదరదు. రెండు మాటలూ కలిపి చదివితేనే ఇది తెలుస్తుంది.

ఇక్కడ ఇంకో చిక్కుంది. బడ్జెట్ పట్టికలో శిక్షణ హెడ్ కింద భోజనాలు, ప్రయాణం, పుస్తకాలు అని విడివిడి వరుసలుంటాయి. 10 శాతం అన్నది మొత్తం హెడ్‌కా, ఒక్కో వరుసకా? ఒప్పందంలో తేల్చి చెప్పకపోతే సారాంశం రాసేవాళ్లు తమకు నచ్చిన అర్థం రాసేయకూడదు. 'స్పష్టత లేదు, కంపెనీని అడగాలి' అని రాసి, మెయిల్ పంపి, వచ్చిన జవాబును సారాంశానికి జతచేయాలి. ఫోన్‌లో విన్న సమాధానం ఆడిట్ నాడు పనికి రాదు.

ఒకే ప్రశ్నకు మూడు జవాబులు

గత ఏడాది గ్రాంటుకు రాసుకున్న సారాంశాన్ని కొత్తదానికి పేరు మార్చి వాడుకోవడం ప్రమాదకరం. ఎందుకో చెప్పడానికి బ్యాంకు వడ్డీ ఒక్కటి చాలు. సీఎస్ఆర్ ఒప్పందాల్లో వడ్డీని అదే ప్రాజెక్టుకు వాడి, లెక్కలో చూపించమని చెప్పడం పరిపాటి. కేంద్ర ప్రభుత్వ గ్రాంటైతే జనరల్ ఫైనాన్షియల్ రూల్స్ 2017 ప్రకారం ఆ వడ్డీ సంచిత నిధికి తిరిగి కట్టాలి. విదేశీ దాత ఇచ్చిన డబ్బైతే దానిమీది వడ్డీని కూడా విదేశీ విరాళంగానే పరిగణిస్తుంది ఎఫ్‌సీఆర్ఏ చట్టం.

విదేశీ గ్రాంటైతే ఒప్పందంలో రాసినా రాయకపోయినా చట్టం పెట్టిన హద్దులు సారాంశంలోకి రావాలి. 2020 సవరణ తరువాత పరిపాలన ఖర్చులు ఏడాదిలో 20 శాతం దాటకూడదు, అంతకుముందు ఆ పరిమితి 50 శాతం ఉండేది. ఆ డబ్బును మరో సంస్థకు బదిలీ చేయకూడదు. ఢిల్లీలోని స్టేట్ బ్యాంక్ ప్రధాన శాఖలో తెరిచిన ఖాతాలోకే మొదట రావాలి. వార్షిక రిటర్ను ఎఫ్‌సీ-4 డిసెంబరు 31లోగా వేయాలి. దాత తన ఒప్పందంలో 'భాగస్వామ్య సంస్థలతో కలిసి చేయవచ్చు' అని ఉదారంగా రాసినా, మన దేశంలో డబ్బు వారికి ఇవ్వడానికి చట్టం ఒప్పుకోదు. రెంటిలో ఏది కఠినమైతే సారాంశంలో అదే ఉండాలి.

ముగింపు దగ్గర తేదీల వరస

ప్రాజెక్టు 2027 మార్చి 31న ముగుస్తుంది. తుది నివేదికకు 45 రోజులు, అంటే మే 15 దాకా సమయం ఉంది. ఈ తేదీ చూసి నిదానించేవారు ఎక్కువ. కానీ మిగిలిన డబ్బు 15 రోజుల్లో, ఏప్రిల్ 15లోగా, తిరిగి కట్టాలని మరో క్లాజు ఉంది. యుటిలైజేషన్ సర్టిఫికెట్ ఏప్రిల్ 10కే వెళ్లాలి. నివేదిక చివర్లో వచ్చినా, లెక్కలు దానికి నెల రోజుల ముందే మూసేయాలన్నమాట. సారాంశంలో ముగింపు తేదీలన్నీ ఒకేచోట వరసగా రాస్తేనే ఇది తెలుస్తుంది:

మార్చి 31: చివరి ఖర్చు. ఆ తరువాతి తేదీ ఉన్న బిల్లు చెల్లదు.
ఏప్రిల్ 10: యుటిలైజేషన్ సర్టిఫికెట్, అకౌంటెంట్ బాధ్యత.
ఏప్రిల్ 15: చివరి త్రైమాసిక నివేదిక, మిగులు వాపసు.
మే 15: తుది నివేదిక, ప్రోగ్రామ్ ఆఫీసర్ బాధ్యత.

ప్రతి వరుస పక్కనా క్లాజు సంఖ్య, పేజీ ఉండాలి. సందేహం వచ్చినప్పుడు అసలు ఒప్పందం తెరిచి చూసుకోవడానికి అదే దారి.

మధ్యలో గడువు పొడిగింపు వస్తే సారాంశాన్ని మళ్లీ మొదటినుంచి చూడాలి. అదనపు డబ్బు లేకుండా మూడు నెలలు పొడిగించి జూన్ 30 దాకా ఇచ్చారనుకోండి. '45 రోజులు' అన్న గడువు ఆగస్టు 14కు జరుగుతుంది, మిగులు వాపసు జూలై 15కు జరుగుతుంది. మార్చి 31 నాటి లెక్కకు ఏప్రిల్ 10 అన్నది మాత్రం అక్కడే ఉంటుంది, ఎందుకంటే అది ప్రాజెక్టు గడువుతో ముడిపడింది కాదు, ఆర్థిక సంవత్సరంతో ముడిపడింది. కొత్త సారాంశం మీద తయారైన తేదీ వేసి, పాత ప్రతులను గోడ మీద నుంచీ ఫైళ్లలో నుంచీ తీసేయాలి.

సారాంశం బాగుందో లేదో తెలుసుకోవడానికి, ఒప్పందం ఎప్పుడూ చూడని ఫీల్డ్ కోఆర్డినేటర్ చేతికి దాన్ని ఇచ్చి మూడు ప్రశ్నలు అడగాలి. ఈ నెలలో మనం పంపాల్సినవేమిటి? శిక్షణ డబ్బులో 80 వేలు మిగిలితే పైపులు కొనవచ్చా? రెండో విడత రావాలంటే ఇంకా ఎన్ని రూపాయల బిల్లులు చెల్లించాలి? ఎవరినీ అడగకుండా, కాగితం చూసి సరైన జవాబులు చెప్పగలిగితే దాన్ని వాడుకలోకి తేవచ్చు. ఎక్కడైనా 'సకాలంలో', 'నిబంధనల మేరకు' అన్న మాటలు చదివి ఆగిపోతే, ఆ చోట ఒప్పందం మళ్లీ తెరిచి, తేదీనీ అంకెనూ రాయాలి.